టారోలో ‘ఎప్పుడు?’ అనే ప్రశ్న: సూట్, నంబరుతో కాలం ఎలా లెక్కిస్తారు, ఆ లెక్క ఎందుకు నిలబడదు

ప్రశ్న: ఉద్యోగం ఎప్పుడు వస్తుందని అడిగితే సిక్స్ ఆఫ్ కప్స్ వచ్చింది. ఒక రీడర్ ఆరు వారాలు అన్నారు. అదే కార్డు చూసి ఇంకొకరు ఆరు నెలలు అన్నారు. అసలు ఈ లెక్క ఎక్కడి నుంచి వస్తుంది? ఇద్దరిలో ఎవరి మాట పట్టుకోవాలి?

సమాధానం:

తేదీ విషయంలో ఇద్దరి మాటా పట్టుకోకండి. వాళ్లు అబద్ధం చెప్పారని కాదు. ఇద్దరూ తాము నేర్చుకున్న పట్టిక ప్రకారమే చెప్పారు, కాకపోతే ఆ పట్టికలు వేర్వేరు. కార్డు మీద రాసి ఉన్నది ఆరు, కప్పులు అని మాత్రమే. వారమా, నెలా అన్నది కార్డులో లేదు, రీడర్ నేర్చుకున్న చోట ఉంది.

ముందు లెక్క ఎలా చేస్తారో చూద్దాం. టారో డెక్‌లో 78 కార్డులు. వాటిలో 22 మేజర్ ఆర్కానా, మిగతా 56 మైనర్. మైనర్‌లో నాలుగు సూట్లు: వాండ్స్, కప్స్, స్వోర్డ్స్, పెంటకిల్స్. పేకాట తెలిసినవాళ్లకు ఇవి వరుసగా కళావరు, ఆఠీను, ఇస్పేటు, డైమను లాంటివి. ఒక్కో సూట్‌లో ఏస్ నుంచి పది దాకా పది అంకెల కార్డులు, పేజ్, నైట్, క్వీన్, కింగ్ అనే నాలుగు కోర్టు కార్డులు ఉంటాయి. కాలం చెప్పేటప్పుడు అంకె ‘ఎన్ని’ అన్నది చెబుతుందని, సూట్ ‘ఏ కొలతలో’ అన్నది చెబుతుందని అనుకుంటారు. ఎక్కువగా వినిపించే పట్టికలో వాండ్స్ రోజులు, కప్స్ వారాలు, స్వోర్డ్స్ నెలలు, పెంటకిల్స్ సంవత్సరాలు. దీని వెనుక ఉన్న ఆలోచన వేగానికి సంబంధించినది. వాండ్స్ అగ్ని కాబట్టి త్వరగా కదులుతుంది, పెంటకిల్స్ భూమి కాబట్టి నెమ్మది.

పెంటకిల్స్ నెమ్మది అన్న దగ్గర పెద్దగా గొడవ లేదు. అగ్ని అయిన వాండ్స్, గాలి అయిన స్వోర్డ్స్, నీరు అయిన కప్స్ దగ్గరే తేడాలు మొదలవుతాయి. గాలి అన్నిటికన్నా వేగం కదా అని స్వోర్డ్స్‌కు రోజులు ఇచ్చి, వాండ్స్‌ను వారాలకు, కప్స్‌ను నెలలకు జరిపే పట్టిక కూడా అంతే విరివిగా వాడుకలో ఉంది. మీ ఇద్దరు రీడర్ల మధ్య తేడా సరిగ్గా ఇక్కడే వచ్చింది. పెంటకిల్స్‌కు సంవత్సరాలు మరీ దూరమని నెలల దగ్గరే ఆపేసేవాళ్లూ ఉన్నారు. వీటిలో ఏది సరైనదో తేల్చడానికి డెక్ తరఫున ఏ ఆధారమూ లేదు. ఎందుకంటే ఈ అంకెలు కాలం కోసం పుట్టినవి కావు. టారో 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో ఆట కోసం తయారైంది. అంకె అంటే పట్టులో ఆ ముక్క బలం, అంతే. పైగా ఆ పాత ఆటల్లో కప్పులు, అప్పట్లో నాణేలైన పెంటకిల్స్ సూట్లలో అంకెల వరుస తలకిందులుగా ఉండేది, చిన్న అంకె పెద్దదాన్ని కొట్టేది. కార్డుల్లో రహస్య విద్య ఉందన్న వాదం ప్యారిస్‌లో 1781లో అచ్చయింది. అగ్ని, నీరు వంటి సంబంధాలు, వాటిమీద కట్టిన కాల పట్టికలు ఆ తర్వాత పేర్చుకున్న పొరలు.

ఇంకో పద్ధతి కూడా ఉంది, చూడడానికి ఇది మరింత శాస్త్రీయంగా కనిపిస్తుంది. 1888లో లండన్‌లో మొదలైన గోల్డెన్ డాన్ అనే సంఘం రెండు నుంచి పది వరకు ఉన్న 36 కార్డులను రాశిచక్రంలోని 36 ద్రేక్కాణాలకు ముడిపెట్టింది. ఒక్కో ద్రేక్కాణం పది డిగ్రీలు, అంటే దాదాపు పది రోజులు. ఆ లెక్కన సిక్స్ ఆఫ్ కప్స్ వృశ్చికంలో రెండో ద్రేక్కాణం, సుమారుగా నవంబర్ 2 నుంచి 12 దాకా. ఏస్‌లకు ఇందులో చోటు లేదు. తెలుగువాళ్లు ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ తేదీలు పాశ్చాత్యుల సాయన రాశిచక్రానివి. అందులో మేషం మార్చి 20, 21 ప్రాంతంలో మొదలవుతుంది. మన పంచాంగం వాడే నిరయన పద్ధతిలో మేష సంక్రమణం ఏప్రిల్ 14 దగ్గర వస్తుంది. తేడా దాదాపు 24 రోజులు, అంటే రెండు ద్రేక్కాణాలకు పైనే. పంచాంగం చూసి వృశ్చికం లెక్కపెట్టే రీడర్‌కు అదే కార్డు నవంబర్ 26 నుంచి డిసెంబర్ 5 దాకా అవుతుంది.

మూడోది ఋతువుల పద్ధతి. వాండ్స్ వసంతం, కప్స్ వేసవి, స్వోర్డ్స్ ఆకు రాలే కాలం, పెంటకిల్స్ చలికాలం అన్నది ఒక వరుస. అగ్ని కాబట్టి వాండ్సే వేసవి అనేవాళ్లు ఇంకో వరుస వాడతారు. నాలుగు ఋతువులు ఐరోపా వాతావరణానికి సరిపోతాయి. లండన్‌లో వేసవి అంటే జూన్ నుంచి ఆగస్టు, వరంగల్‌లో మార్చి నుంచి మే. మెల్‌బోర్న్‌లో ఉన్న తెలుగు కుటుంబానికి వేసవి డిసెంబర్‌లో వస్తుంది. వర్షాకాలానికి ఏ సూటూ లేదు. ‘వేసవిలో అవుతుంది’ అన్న రీడర్ ఏ ఊరి వేసవి అనుకుంటున్నారో చెప్పకపోతే ఆ మాటకు తేదీ లేనట్టే.

ఇప్పుడు మీ కార్డునే తీసుకుని లెక్క వేద్దాం. ఆగస్టు 1న అడిగారనుకోండి. వారాల పట్టికలో ఆరు వారాలంటే సెప్టెంబర్ 12. ఎవరూ ఒక్క రోజుకే కట్టుబడరు కాబట్టి ఒక వారం అటూ ఇటూ వదిలితే సెప్టెంబర్ 5 నుంచి 19 దాకా. నెలల పట్టికలో ఫిబ్రవరి 1, నెల అటూ ఇటూ వదిలితే జనవరి, ఫిబ్రవరి రెండూ దాని కిందకే వస్తాయి. గోల్డెన్ డాన్ లెక్కలో నవంబర్ 2 నుంచి 12. మన వేసవి లెక్కలో మార్చి, ఏప్రిల్, మే. ఈ నాలుగూ కలిపితే దాదాపు 175 రోజులు. ఏడాదిలో ఇంచుమించు సగం. అంటే వచ్చే ఏడాదిలో ఉద్యోగం ఏ రోజు వచ్చినా, ‘సిక్స్ ఆఫ్ కప్స్ ఇదే చెప్పింది’ అనడానికి దాదాపు సగం అవకాశం ముందే సిద్ధంగా ఉంది. పంచాంగం తేదీలు కూడా కలిపితే ఇంకా పెరుగుతుంది. రీడర్ మోసం చేయనక్కర్లేదు. జరిగాక వెనక్కి చూసి, సరిపోయిన పట్టికను నిజాయితీగానే గుర్తు చేసుకుంటారు. మిగతా మూడు పట్టికలు ఏం చెప్పేవో అప్పుడు ఎవరూ అడగరు.

ఒకే పట్టికకు గట్టిగా కట్టుబడితే ఈ ఇబ్బంది పోతుంది. అప్పుడు రెండో ఇబ్బంది బయటపడుతుంది. మొదటి పట్టికలో 40 అంకెల కార్డులు ఇచ్చే సమాధానాలు వరుసగా రాసి చూడండి: ఒకటి నుంచి పది రోజులు, ఒకటి నుంచి పది వారాలు, తర్వాత నెలలు, తర్వాత సంవత్సరాలు. మూడు నెలల లోపు పడేవి ఎన్ని? రోజులు పది, వారాలు పది, నెలల్లో మొదటి మూడు. మొత్తం 23. అంటే 40లో 23 కార్డులు, సగానికి పైగా, ‘మూడు నెలల లోపే’ అంటాయి. అడిగింది కొరియర్ గురించైనా, అమెరికా గ్రీన్‌కార్డు గురించైనా, సివిల్ కోర్టులో భూమి దావా గురించైనా ఈ నిష్పత్తి మారదు. పార్సిల్‌కు ఎనిమిదేళ్లు, దావాకు నాలుగు రోజులు వచ్చే అవకాశం ఒకటే. అలాంటి కార్డు వచ్చినప్పుడు రీడర్లు ఏం చేస్తారో గమనించండి. పార్సిల్‌కు ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్ వస్తే ‘ఎనిమిది రోజులు’ అనేస్తారు. అంటే కొలత సూట్ నుంచి రాలేదు, పార్సిల్ ఎన్నాళ్లకు వస్తుందన్న మామూలు తెలివి నుంచి వచ్చింది. ఆ తెలివి మంచిదే. కానీ దాన్ని కార్డు చెప్పిందనడం సరికాదు.

కొత్తగా నేర్చుకునేవాళ్లు దాదాపు ఎప్పుడూ చూడని చోటు ఇంకొకటి ఉంది. టారోలో అంకెకు ముందే ఒక పని ఉంది: ఏస్ మొదలు, పది ముగింపు, మధ్యవి దశలు. రీడింగ్‌లో మిగతా అన్ని చోట్లా అంకెను ఇలాగే చదువుతారు. ఆ పద్ధతిలో పది వస్తే విషయం చివరికి వచ్చేసింది, దగ్గరలోనే తేలిపోతుంది. ఏస్ వస్తే ఇప్పుడే విత్తనం పడింది, ఇంకా చాలా ఉంది. కాలం లెక్కకు వచ్చేసరికి అదే పది అన్నిటికన్నా దూరం, ఏస్ అన్నిటికన్నా దగ్గర. ఒకే కార్డు ఒకే స్ప్రెడ్‌లో, అంటే ఒకేసారి పరిచిన కార్డుల్లో, రెండు వ్యతిరేక దిక్కులకు లాగుతుంది. దేని వైపు మొగ్గాలో చెప్పే నియమం లేదు కాబట్టి రీడర్ అడిగినవాళ్ల మొహం చూసి, ప్రశ్న చూసి, తనకు తెలియకుండానే ఒక వైపు ఒరుగుతారు.

ఇదంతా అంకెల కార్డు వచ్చినప్పటి మాట. 78లో అవి 40 మాత్రమే, అంటే కాస్త అటూ ఇటూగా సగం. మిగతా సగంలో మేజర్ కార్డో, కోర్టు కార్డో వస్తుంది. అప్పుడు కొందరు అంకెల కార్డు పడేదాకా తీస్తూ పోతారు. కొందరు నైట్‌లను త్వరగా, కింగ్‌లను నెమ్మదిగా అంటారు. హ్యాంగ్డ్ మ్యాన్ వస్తే ఆలస్యం, మేజర్ ఏదైనా వస్తే ‘మీ చేతుల్లో లేదు’ అనేవాళ్లున్నారు. తలకిందులుగా పడితే ఆలస్యం అన్నది ఇంకొకటి, కానీ ఎంత ఆలస్యమో అది చెప్పదు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఎయిట్ ఆఫ్ వాండ్స్ వంటి కార్డులో వేగం బొమ్మలోనే ఉంది. 1909 నాటి రైడర్ డెక్‌లో అది ఆకాశంలో దూసుకెళ్లే ఎనిమిది కర్రలు. ‘కదలిక మొదలైంది, ఆగదు’ అని చెప్పడానికి అది ఉపయోగపడుతుంది. ఎనిమిది రోజులని చెప్పడానికి కాదు.

కార్డుల మీద నమ్మకం ఉన్నవాళ్లు కూడా ఈ సమాధానాన్ని మిగతావాటికంటే ఒక మెట్టు కింద పెట్టాల్సిన కారణం వేరే ఉంది, నా దృష్టిలో అదే అసలైనది. ‘ఈ ఉద్యోగ వేటలో నన్ను ఏది వెనక్కి లాగుతోంది?’ అన్న ప్రశ్నకు ఫైవ్ ఆఫ్ కప్స్ వచ్చిందనుకోండి, ఒలికిన మూడు కప్పుల వైపే చూస్తూ వెనకున్న రెండింటిని చూడని మనిషి బొమ్మ. అడిగినవాళ్లు దాన్ని చూసి పోయిన ఇంటర్వ్యూ గురించి మాట్లాడతారు, లేదా ‘కాదండీ, అది కాదు’ అంటారు. విషయం వాళ్ల దగ్గర ఉంది. కార్డు దాన్ని బయటికి తీస్తుంది, సంభాషణ దాన్ని అక్కడికక్కడే సరిదిద్దుతుంది. కానీ ‘కంపెనీ నన్ను ఎప్పుడు పిలుస్తుంది?’ అన్నదానికి సమాధానం అడిగినవాళ్ల దగ్గర లేదు, రీడర్ దగ్గర లేదు. ఎక్కడో హెచ్ఆర్ విభాగంలో, బడ్జెట్ ఆమోదంలో, ఎవరో రాజీనామా చేయడంలో ఉంది. ‘ఆరు వారాలు’ అన్న మాటను సరిదిద్దగలిగేవాళ్లు ఆ గదిలో ఎవరూ లేరు. ఆరు వారాలు గడిచాకే తెలుస్తుంది, అప్పటికి రీడర్ ఎదురుగా ఉండరు.

మన దగ్గర ఈ ప్రశ్న ఎక్కువగా రావడానికి జ్యోతిషం అలవాటు కూడా కారణం. దశ, అంతర్దశ విన్నవాళ్లు టారో నుంచి కూడా ఆ రకం తేదీనే ఆశిస్తారు. జ్యోతిషం ఫలిస్తుందా లేదా అన్నది వేరే చర్చ. కానీ వింశోత్తరి దశకు 120 ఏళ్ల చక్రం, జన్మ సమయంలో చంద్రుడున్న నక్షత్రం అనే స్థిరమైన మొదలు ఉన్నాయి. సాయన, నిరయన రాశిచక్రాల మధ్య తేడా అయిన అయనాంశ ఒకటే, ఏడాది కొలత ఒకటే తీసుకుంటే ఎవరు లెక్కగట్టినా ఒకే తేదీ వస్తుంది. టారోలో కాలాన్ని లోపలికి తీసుకునే చోటే లేదు. మీ పుట్టిన రోజూ కార్డులకు తెలియదు, ఈ రోజు తేదీ కూడా తెలియదు. మళ్లీ కలిపితే మళ్లీ వేరే కార్డు.

అయినా అడుగుతారు, కొన్నిసార్లు చెప్పాల్సి వస్తుంది. చెప్పేటట్టయితే కార్డులు కలపకముందే కొన్ని విషయాలు కాగితం మీద రాయండి. ఏ పట్టిక వాడుతున్నారో రాయండి. అంకెల కార్డు రాకపోతే ‘తేదీ లేదు’ అని ఆగుతారా, ఇంకోటి తీస్తారా అన్నది రాయండి. అన్నిటికన్నా ముఖ్యం, ఏ సంఘటనకు తేదీ అడుగుతున్నారో రాయండి. ‘ఉద్యోగం రావడం’ అంటే ఎంపికైనట్టు ఫోన్ రావడమా, ఆఫర్ లెటర్ చేతికి రావడమా, చేరడమా, మొదటి జీతం పడడమా? ఇప్పటికే ఒకచోట పనిచేస్తూ 60 లేదా 90 రోజుల నోటీసు పీరియడ్ ఉన్న మనిషికి మొదటిదానికీ చివరిదానికీ మధ్య నాలుగు నెలలు సులువుగా పడతాయి. ఆ నాలుగింటిలో ఏదో ఒకటి దాదాపు ఏ అంచనాకైనా సరిపోతుంది. లెక్క మొదలయ్యేది రీడింగ్ రోజు నుంచా, దరఖాస్తు పంపిన రోజు నుంచా అన్నది కూడా ఇలాగే ముందే తేల్చాలి.

తర్వాత, కార్డు తీయకముందే మామూలు అంచనా ఒకటి రాయండి. ఎన్ని దరఖాస్తులు పంపారు, ఎన్ని ఇంటర్వ్యూలు నడుస్తున్నాయి, ఆ రంగంలో ఒక రౌండ్‌కూ ఇంకో రౌండ్‌కూ మామూలుగా ఎంత గడువు పడుతోంది అని అడిగితే అది వచ్చేస్తుంది. కార్డు చెప్పినది దానికి దగ్గరగా ఉంటే కార్డు కొత్తగా ఏమీ చేర్చలేదు. దూరంగా ఉంటే, ఆ కార్డు కోసం అంచనాను మార్చుకోవడానికి మీ దగ్గర కారణం లేదు. మీరడిగిన సిక్స్ ఆఫ్ కప్స్‌నే కాలం పక్కన పెట్టి చదివితే చాలా ఇస్తుంది: పాత పరిచయాలు, వెనకటి చోటు, చిన్నప్పటి నుంచి తెలిసినవాళ్లు. ‘పాత సహోద్యోగుల్లో ఎవరికి ఇంకా చెప్పలేదు?’ అని అడిగితే వచ్చే పేర్లు ఆరు వారాలన్న మాటకంటే ఎక్కువ పనికొస్తాయి. ‘ఎప్పుడు’ను ‘అంతకుముందు ఏం జరగాలి’గా మార్చుకోవడమంటే ఇదే. సమయం అడిగినవాళ్ల చేతుల్లోనే ఉన్న ప్రశ్నలకైతే, ఉదాహరణకు రాజీనామా మాట ఇంట్లో ఎప్పుడు చెప్పాలి అన్నప్పుడు, కార్డు చూసి ‘వచ్చే నెలా? అంత త్వరగా కుదరదు’ అని వాళ్లే తేల్చుకుంటారు. అక్కడ కాలం గురించి మాట్లాడడం పర్వాలేదు, ఎందుకంటే సమాధానం మళ్లీ వాళ్ల దగ్గరే ఉంది.

గర్భం, శస్త్రచికిత్స, మరణం, కోర్టు తీర్పు, వీసా. వీటికి ఎవరడిగినా తేదీ చెప్పకూడదని గట్టిగా అంటాను. ఆరు వారాల్లో ఆఫర్ వస్తుందన్న మాట మీద ఉన్న ఉద్యోగానికి రాజీనామా పెట్టినా, ‘ఇంకా మూడు నెలలు టైముంది’ అని డాక్టర్ దగ్గరికి వెళ్లడం వాయిదా వేసినా, ఆ నష్టం భరించేది అడిగినవాళ్లే.

మీరే రీడింగ్ చేస్తుంటే, మీ కాల సమాధానాల్లో పస ఉందో లేదో తేల్చుకునే పద్ధతి ఒకటుంది, ఖర్చేమీ లేదు. ఒక 20 రీడింగులు కూడబెట్టండి. ప్రతిదానికీ మీరు చెప్పిన గడువును ‘రీడింగ్ రోజు నుంచి ఇన్ని రోజుల నుంచి ఇన్ని రోజుల దాకా’ అని మార్చి రాయండి. నిజంగా ఎన్నో రోజున జరిగిందో పక్కన రాయండి. జరగనివాటిని తీసేయకండి, అవి తప్పినట్టే లెక్క. చెప్పినవాటిలో ఎన్ని సరిపోయాయో లెక్కపెట్టండి. ఇప్పుడు గడువులను ఒక వరుస కిందికి జరపండి: మొదటివారికి చెప్పింది రెండోవారికి, రెండోవారిది మూడోవారికి, చివరివారిది మొదటివారికి. మళ్లీ లెక్కపెట్టండి. రెండు వరుసలు, మూడు వరుసలు జరిపి కూడా చూడండి. ఎవరి గడువు వాళ్లకున్నప్పుడు 20కి 7 సరిపోయి, జరిపినప్పుడు కూడా 6, 8, 7 అని వస్తుంటే, ఆ ఏడు వెడల్పాటి గడువుల వల్ల వచ్చినవే, కార్డుల వల్ల కాదు. ఎవరిది వాళ్లకున్నప్పుడు బాగా ఎక్కువ వస్తే తొందరపడకండి. కార్డు తీయకముందు రాసుకున్న మామూలు అంచనాలకు కూడా ఇదే పరీక్ష పెట్టండి. పార్సిల్‌కు రోజుల్లో, దావాకు ఏళ్లలో చెప్పి ఉంటే ఆ అంచనాలూ అంతే బాగా నెగ్గుతాయి. అప్పుడు పని చేసింది సూటో నంబరో కాదు, కొలతను సర్దిన మీ లోకజ్ఞానం.